ముత్తాత పతకం వెంట: మద్రాసు సిపాయిని వెతికిన నా అనుభవం

మా ముత్తాత బర్మా యుద్ధానికి వెళ్లాడని ఇంట్లో చెప్పుకునేవారు. దానికి ఆధారంగా మిగిలింది ఒక పతకం మాత్రమే. దాని పైపట్టీ మీద "బర్మా 1885-7" అని ఉంది. వెండిది కాబట్టి ఆయన ఆయుధం పట్టిన సిపాయే అని తేలింది. ఆ యుద్ధంలో సైన్యం వెంట వెళ్లిన మోతగాళ్లకు, ఇతర పనివాళ్లకు కంచువి ఇచ్చారు. లైటు పక్క నుంచి వేసి భూతద్దంతో చూస్తే, అంచు మీద నంబరు, హోదా, పేరు, చివర 12వ మద్రాసు పదాతి దళం అని కనిపించాయి. ఇలాంటి పతకం ఉన్నవాళ్లు దాన్ని తోమకండి, ఆ అక్షరాలే అరిగిపోతాయి.

అప్పటి పద్ధతి తెలుసుకుంటే ఆయన బతుకు కొంత అర్థమైంది. కొత్తగా చేరే రంగరూట్లను ఎక్కువగా పటాలమే తెచ్చుకునేది. సెలవు మీద ఊరికి వచ్చిన హవల్దారు తన బంధువుల పిల్లల్ని వెంట తీసుకెళ్లేవాడు. సిపాయిల కొడుకుల్ని చిన్నప్పుడే కొద్దిపాటి జీతం మీద పటాలం పుస్తకంలో రాసుకునేవారు. మద్రాసు సిపాయిలు భార్యాపిల్లలతో పటాలం లైన్లలోనే కాపురం ఉండేవారు. కంపెనీకి పెద్ద సుబేదారు, ఆయన కింద జమేదారు, ఆ తర్వాత హవల్దార్లు, నాయక్‌లు. వీళ్లంతా మనవాళ్లే. పైన మాత్రం తెల్ల అధికార్లు. ఎన్నేళ్లు చేసినా సుబేదారు ఆ గీత దాటలేడు.

సిపాయి జీతం నెలకు 7 రూపాయలు, తిండి అందులోంచే. గింజల ధర మరీ పెరిగితే సర్కారు కొంత కలిపేది. పరాయి దేశం వెళ్తే బత్తా వచ్చేది. సముద్రం దాటే ముందు, జీతంలో కొంత ఇంటివాళ్లకు ముట్టేలా రాసి వెళ్లవచ్చు. 7 రూపాయలు 9 అయింది 1895లో, అంటే ఆ యుద్ధం ముగిశాక ఎన్నో ఏళ్లకు.

నాకు టెన్షన్ పెట్టింది మాత్రం పటాలం పేరే. 12వ మద్రాసు దళం అని వెతుకుతూ పోతే 72వ పంజాబీలు అనే పటాలం దగ్గర తేలాను. మా ముత్తాత పంజాబీ ఎలా అవుతాడు? సమాధానం రెండు మార్పుల్లో దొరికింది. దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని సైన్యాధిపతి రాబర్ట్స్ బలంగా నమ్మాడు. ఆ రోజుల్లోనే, 1890 ప్రాంతంలో, 12వ దళాన్ని బర్మా కాపలా కోసం పంజాబీలతో నింపారు. నంబరు ఉంది, మనుషులు మారిపోయారు. 1903లో అప్పటి సైన్యాధిపతి కిచెనర్ మద్రాసు పదాతి దళాల నంబర్లకు 60 కలిపితే అది 72 అయింది. అందుకే నంబరుతో పాటు ఏడాది కూడా చూడాలి. 1890కి ముందు ఆ దళంలో ఉన్నవాడు మద్రాసు సిపాయి.

పతకాల జాబితాలు లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. నకలు తెప్పించుకున్నాను. నంబరు, హోదా, పేరు పతకంతో సరిపోయాయి. ఊరి పేరు, తండ్రి పేరు అందులో లేవు. అవి రాసుకునేది పటాలం చేరిక పట్టీలో. ఇప్పుడు దాని కోసమే వెతుకుతున్నాను.