గోదావరి మీద ఒక పాదభ్రమక కందం: పని ఎంతవరకు వచ్చిందంటే

కోనసీమలో మేము నెలనెలా కలుసుకునే పద్యరచన కార్యశాలలో ఈసారి ఇచ్చిన పని చిత్రకవిత. గోదావరిని సంబోధిస్తూ ఒక కందం రాయాలి, అందులోని ప్రతి పాదమూ ఎడమ నుంచి చదివినా కుడి నుంచి చదివినా ఒక్కటే కావాలి. దీన్ని పాదభ్రమకమంటారు. పద్యం మొత్తాన్ని కలిపి తిరగేస్తే అది పద్యభ్రమకమవుతుంది. కందంలో మొదటి పాదానికి 12 మాత్రలు, నాలుగో పాదానికి 20 మాత్రలు ఉంటాయి కాబట్టి అక్కడ పాదాల హద్దులు దాటి అక్షరాలను సరిపెట్టాలి, అది ఇంకా కష్టం. అందుకే కార్యశాలవారు పాదం వరకే అడిగారు.

తిరగేయడంలో లెక్కకు వచ్చేది అక్షరం. గుణింతం, అనుస్వారం అక్షరాన్ని విడిచిపోవు. ‘జంబీరబీజం’ అన్నప్పుడు ‘జం’ మొదటా చివరా అలాగే నిలుస్తుంది. సంయుక్తాక్షరాల సంగతి వేరు, ఎందుకంటే ఒత్తు తన ముందున్న అక్షరాన్ని గురువు చేస్తుంది. ‘రక్త’లో ‘ర’ గురువు, దాన్ని తిప్పి ‘క్తర’ చేస్తే ‘ర’ లఘువైపోయి ఆ బరువు ‘క్త’కు ముందున్న మరో అక్షరం మీద పడుతుంది. అక్షరాలు అద్దంలోలా సరిపోయినా గణాలు చెడిపోతాయి. అందువల్ల సంయుక్తాక్షరం లేని మాటలే వాడాలని ముందుగానే నియమం పెట్టుకున్నాను. అచ్చుతో మొదలయ్యే మాటలనూ పక్కన పెట్టాను, పాదం మధ్యలో అచ్చు వస్తే సంధి జరిగి అక్షరాలు కలిసిపోతాయి.

రాయడానికి ముందు కందం నడకను కాగితం మీద తిరగేసి చూశాను. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది అదే. రెండో పాదంలో నాలుగు నుంచి ఎనిమిది వరకు ఐదు గణాలుంటాయి, వాటికి సరిగ్గా నడుమ పడేది ఆరో గణం. ఆ గణం జగణమో నలమో కావాలన్నది కందం నియమం. ఆ రెండూ తిరగేసినా మారని గణాలే. ఎనిమిదో గణం చివర గురువుండాలి కాబట్టి, తిరగేస్తే రెండో పాదం మొదటి అక్షరమూ గురువే అవుతుంది. ప్రాసకు ముందున్న అక్షరం ఒక పాదంలో గురువైతే నాలుగు పాదాల్లోనూ గురువే కావాలి. అంటే ఒకటి, మూడు పాదాలు కూడా గురువుతోనే మొదలై గురువుతోనే ముగుస్తాయి. యతి ఏడో గణం మొదటి అక్షరానికి చెల్లాలి. అద్దంలో ఆ అక్షరం ఐదో గణం చివరి అక్షరమే. కాబట్టి రెండు, నాలుగు పాదాల్లో ఆరో గణానికి అటూ ఇటూ ఒకే అక్షరం నిలుస్తుంది, అదే యతిని మోస్తుంది.

ఈ లెక్కను నంది తిమ్మన పారిజాతాపహరణంలోని ‘ధీర శయనీయ శరధీ’ కందంతో సరిచూసుకున్నాను. అందులో రెండో పాదం ‘మారవి, భానుమ, తమమత, మనుభా, విరమా’ అని విడుతుంది. నడుమ నలం, దానికి రెండు పక్కలా ‘మ’, మొదటి ‘మా’కు ఏడో గణంలోని ‘మ’తో యతి. నేను గీసుకున్న పటానికి ఇది పూర్తిగా సరిపోయింది.

ఆ తర్వాత ప్రాసను ఎంచుకోవాలి. ప్రాసాక్షరం పాదంలో రెండోది, అద్దంలో చివరి నుంచి రెండోది. పాదం చివర తెలుగు క్రియ పడితే వాక్యం నిలబడుతుందన్న ఆలోచనతో ‘న’ తీసుకున్నాను. ‘వినగా, కనమా, మనదా’ వంటి రూపాలన్నిటిలోనూ ‘న’ సరిగ్గా ఆ చోటనే ఉంది. నోటు పుస్తకంలో జంటలు రాసుకున్నాను: గాన–నగా, మాన–నమా, దాన–నదా, దీన–నదీ, రాన–నరా, వాన–నవా. డెల్టా పద్యానికి వానతో మొదలుపెట్టాలని మనసు లాగింది కానీ, ‘నవా’తో ముగిసే సరైన తెలుగు మాట దొరకక దాన్ని విడిచిపెట్టాను. జంటలో రెండు చివరలకూ అర్థముంటేనే పాదం సాగుతుంది, ఒక్క చివరే అందంగా ఉంటే రెండోది ఎక్కడో అక్కడ బలవంతపు మాటను తెస్తుంది.

మొదట కుదిరింది నాలుగో పాదం. నడుమ నుంచి మొదలుపెట్టాను. ‘నవీన’ తనంతట తానే తిరగబడే మాట, పైగా జగణం, ఆరో గణంలో చక్కగా కూర్చుంటుంది. చివర ‘మనదా’, అంటే ‘బతకదా’, పెట్టగానే మొదట ‘దానమ’ వచ్చింది. ‘దాన మహిమ’ అని సాగిస్తే అటు చివర ‘మహి మనదా’ దానంతట అదే ఏర్పడింది. ఇక ‘మహిమ’కూ ‘నవీన’కూ నడుమ రెండక్షరాలే మిగిలాయి. రెండోది ‘దా’తో యతి చెల్లాలి కాబట్టి త, థ, ద, ధలలో ఒకటి కావాలి. ‘నుత’ పెడితే ఇటు ‘మహిమనుత’, అటు ‘నవీనతను’ అయ్యాయి. ‘దాన మహిమనుత! నవీనతను మహి మనదా!’ గోదావరి ఏటా వరదతో మోసుకొచ్చే ఒండ్రు మీద బతికే నేల ఇది కనుక, నది దానం వల్ల భూమి కొత్తదనంతో బతుకుతుందన్న మాట నాకు అలంకారంగా తోచలేదు, ఉన్న విషయంగానే తోచింది.

రెండో పాదానికి ‘వినగా’ను చివర పెట్టాను, మొదట ‘గానవి’ పడింది. ‘వినగా’ ముందు ఎవరు వింటున్నారో చెప్పాలి. ‘కలువలు’ అని పెడితే మొదటివైపు ‘గాన విలువలు క’ అని వస్తుంది. ‘కలువలు’ ఏడో గణం, ‘గా’కు ‘క’తో యతి సరిపోయింది. నడుమ ఆ ‘క’తో కలిసి అర్థమిచ్చే జగణం కావాలి, దాని మొదటి చివరి అక్షరాలు ఒకటే కావాలి. తొలి రూపంలో ‘కలకాల’ వేసి కార్యశాలలో చదివాను. గణాలు, అద్దం అన్నీ సరిగానే ఉన్నాయి. అప్పుడు మా మాస్టారు, ‘బాబూ, కలకాలము అన్న మాటలో ము ఎక్కడికి పోయింది? ఇక్కడ అది కలువలకు విశేషణం కాదు, వినడానికి చెప్పిన కాలం. ము తీసేస్తే వాక్యం కుంటుతుంది’ అన్నారు. ఆయన చెప్పింది న్యాయం. భ్రమకం కుదిరింది కదా అని వ్యాకరణాన్ని సడలిస్తే ఆ పద్యం అక్షరాల వరసగా మిగిలిపోతుంది. ‘క’ తర్వాత ‘డు’ పెట్టి చూశాను: ‘కడు జూడు’, ‘కడు నాడు’, ‘కడు వేడు’. ‘కడు వేడు కలువలు’ అంటే మిక్కిలిగా వేడుకునే కలువలు. ‘విలువలు’ దానికి కర్మ అయింది, వాక్యం నిలబడింది.

మొదటి పాదంలో చిక్కు వేరే రకం. ‘నదీ’ అన్న సంబోధన చివర ఉంటే మొదట ‘దీన’ వస్తుంది. ‘దీనదయ’ అని సాగితే అటు ‘యద నదీ’ మిగులుతుంది. ‘య’కు ముందు ఒక గురువు కావాలి. ‘తోయద’ మొదట తట్టింది, నీటినిచ్చేదని అర్థం, విషయానికి బాగా దగ్గర. అయితే తోయదమంటే మేఘమని రూఢి. చదివేవారు ముందు మబ్బును తలుచుకుని తర్వాత నదికి రావాల్సి వస్తుంది. అందుకే ‘గేయద’ తీసుకున్నాను. కలువలు గానాన్ని వేడుకునే తర్వాతి పాదానికి అది దారి కూడా చూపింది.

మూడో పాదం చిన్నది, అచ్చ తెలుగులోనే వచ్చింది. ‘మానక’, అంటే ఆగకుండా, తిరగబడితే ‘కనమా’. నడుమ రెండు గురువులు ఒకే అక్షరం కావాలి. వేసవిలో కాలువలు కట్టేసి, మళ్ళీ ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలే రోజు కోసం కాలువ గట్ల మీద ఎదురుచూసేవాళ్ళకు ‘రా, రా’ కంటే సహజమైన పిలుపు ఇంకేముంటుంది? రెండూ కలిపి ‘రారా’ అని చదివితే మగవాణ్ణి చనువుగా పిలిచినట్లు వినిపిస్తుందని ఒక అమ్మాయి అడిగింది. రాతలో కామా ఉంటుంది, చదివేటప్పుడు రెంటి నడుమ చిన్న విరామం ఇస్తే చాలు. ఆ పాదాన్ని మార్చలేదు.

ఇప్పటికి పద్యం ఇలా ఉంది:

దీనదయ! గేయద నదీ!
గాన విలువలు కడు వేడు కలువలు వినగా
మానక రా, రా! కనమా!
దాన మహిమనుత! నవీనతను మహి మనదా!

తాత్పర్యం: దీనుల మీద దయ గలదానా, పాటలనిచ్చే నదీ! గానపు విలువల కోసం ఎంతో వేడుకునే కలువలు వింటూ ఉండగా ఆగకుండా రా, రా. మేము చూడమా! దానమహిమ వల్ల స్తుతులందుకున్నదానా, కొత్తదనంతో భూమి బతకదా!

సరిచూడడానికి గళ్ళ కాగితం తీసుకుని గడికి ఒక్క అక్షరం చొప్పున వేశాను. పాదాల్లో వరసగా 9, 17, 8, 17 అక్షరాలు వచ్చాయి. మూడో పాదంలో సరి సంఖ్య ఉంది కాబట్టి అక్కడ నడిమి అక్షరం జంటగా ఉంటుంది, మిగతా మూడింటిలో ఒంటరిగా ఉంటుంది. కాగితాన్ని నడుమకు మడిచి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే గడి మీద గడి పడి తప్పు ఉన్నచోటు వెంటనే తెలుస్తుంది. కంప్యూటర్లో అక్షరాలను తిరగేసే సాధనాలను నమ్మలేము, వాటిలో చాలావరకు గుణింతపు గుర్తును హల్లు నుంచి విడదీసి తిప్పుతాయి, అప్పుడు ‘నదీ’ కూడా చెడినట్లే కనిపిస్తుంది. గణాలు మాత్రం చేత్తోనే విడదీశాను. రెండో పాదం: గానవి భగణం, లువలుక నలం, డువేడు జగణం, కలువలు నలం, వినగా సగణం.

‘నుత’, ‘దయ’ అన్న సంబోధనలను హ్రస్వంతో విడిచిపెట్టడం మీద మాస్టారికి ఇంకా కొంత సందేహముంది. స్త్రీలింగ తత్సమాలకు తెలుగులో హ్రస్వాంతం ఉన్నందున నిలుస్తుందని నా వాదన. నాలుగో పాదంలో దీర్ఘం పెట్టే వీలు లేదు, ‘తా’ చేస్తే అద్దంలో ‘తాను’ అయి మాత్రలు పెరుగుతాయి.

తర్వాతి కూడికకు మత్తకోకిలలో ప్రయత్నిస్తున్నాను. ర, స, జ, జ, భ, ర గణాలను వరసగా రాసి వెనక నుంచి చదివితే గురులఘువుల వరస అక్షరం తేడా లేకుండా అదే వస్తుంది. 18 అక్షరాలు కనుక 9, 10 అక్షరాలు ఒకటే కావాలి, యతిస్థానమైన 11వ అక్షరమే 8వ చోటా ఉండాలి. ప్రాసకు ఈసారి ‘ర’ తీసుకున్నాను, జంటల పట్టిక రాయడం మొదలైంది.