తమ్ముడి ముఖం నా ముఖం మీదికి: ఆరు వారాల ట్రెయినింగ్ నోట్సు

నాన్నగారి షష్టిపూర్తికి ఒక చిన్న స్కిట్ వీడియో చేయాలని అనుకున్నాం. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకునే సన్నివేశం. తమ్ముడు డాలస్‌లో, నేను విశాఖలో. రెండు పాత్రలూ నేనే నటించి, ఒకదానికి వాడి ముఖం పెట్టాలన్నది ఆలోచన. వాడు వెంటనే ఒప్పుకున్నాడు, అయితే వీడియో ముందు తనకు చూపించాకే ఇంట్లో ఎవరికైనా చూపించాలన్నాడు. న్యాయమైన షరతే. ముఖం మార్చిన వీడియో అని మొదట్లోనే అక్షరాల్లో వేయాలని కూడా అనుకున్నాం.

నా దగ్గరున్నది 12 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060. మోడల్ పాత పద్ధతిదే: ఇద్దరికీ కలిపి ఒక ఎన్‌కోడర్, ఒక్కొక్కరికి విడివిడిగా ఒక డీకోడర్. నా ముఖం నా డీకోడర్ నుంచి, వాడి ముఖం వాడి డీకోడర్ నుంచి తిరిగి వచ్చేలా ట్రెయిన్ చేస్తాం. మార్చేటప్పుడు మాత్రం నా ముఖాన్ని ఎన్‌కోడర్‌లోకి పంపి, వాడి డీకోడర్ నుంచి బయటికి తీస్తాం. ముఖం సైజు 128 పిక్సెళ్లు, బ్యాచ్ 32, ఆప్టిమైజర్ ఆడమ్, లెర్నింగ్ రేట్ 0.00005.

మొదట ఆశపడి 256 పెట్టాను. మెమరీ చాలలేదు. కారణం కాగితం మీద లెక్క వేస్తే తెలిసింది. 128 సైజులో నాలుగు కన్వల్యూషన్ల తర్వాత 8×8×1024 మిగులుతుంది. దాన్ని 1024 సంఖ్యలకు కుదించే ఒక్క డెన్స్ పొరలోనే దాదాపు 6.7 కోట్ల వెయిట్లు. ఆడమ్ వాడితే వెయిట్, గ్రేడియంట్, ఇంకో రెండు సగటులు కలిపి ఒక్కో వెయిట్‌కు 16 బైట్లు, అంటే ఆ పొరకే సుమారు 1.07 జీబీ. సైజు 256 అయితే అది నాలుగు రెట్లు. పైగా దాన్ని మళ్లీ విప్పే పొర, బ్యాచ్‌లోని మధ్య ఫలితాలు ఉండనే ఉన్నాయి. అందుకే 128కి దిగాను. మధ్యస్థ దూరం షాట్‌కు అది సరిపోతుంది.

రెండో వారం: నోరు తెరుచుకోవడం లేదు

80 వేల ఇటరేషన్లకు లాస్ గ్రాఫ్ చూసి చాలా సంతోషపడ్డాను. ట్రెయినింగ్ లాస్ 0.019, వ్యాలిడేషన్ 0.021. రెండూ పక్కపక్కనే దిగుతున్నాయి. పది సెకన్ల ముక్క తయారుచేసి తమ్ముడికి పంపాను.

"అన్నయ్యా, నువ్వు అంత గట్టిగా నవ్వుతుంటే నా నోరు తెరుచుకోదేంటి? పాస్‌పోర్టు ఫొటోలా ఉన్నాను."

నిజమే. పెదవులు కాస్త కదులుతున్నాయి తప్ప పళ్లు కనపడటం లేదు. అప్పుడు ప్రివ్యూని నాలుగు నిలువు వరుసలుగా మార్చాను: నా అసలు ముఖం, నా డీకోడర్ నుంచి నా ముఖం, వాడి డీకోడర్ నుంచి వాడి ముఖం, వాడి డీకోడర్ నుంచి నా ముఖం. ఆ తర్వాత ఏ సమస్య వచ్చినా ముందు చూసింది ఇదే: తప్పు ఏ వరుసలో మొదలవుతోంది? ఇక్కడ మొదటి మూడూ బాగున్నాయి. నాలుగోది మాత్రమే చెడింది.

వ్యాలిడేషన్ లాస్ నన్ను మోసం చేసిందని అప్పుడు అర్థమైంది. వాడు పంపిన రెండు నిమిషాల క్లిప్‌లో 30 ఎఫ్‌పీఎస్ చొప్పున 3600 ఫ్రేములు ఉన్నాయి. వాటిలోంచి పది శాతం యాదృచ్ఛికంగా పక్కన పెట్టాను. కానీ పక్కన పెట్టిన ప్రతి ఫ్రేముకూ ముందూ వెనకా సెకనులో ముప్పయ్యో వంతు దూరంలో కవలల్లాంటి ఫ్రేములు ట్రెయినింగ్‌లోనే ఉన్నాయి. అది పరీక్షే కాదు. వాడు వంటింట్లో తీసిన ఇంకో క్లిప్ మొత్తాన్ని ట్రెయినింగ్‌కు తగలకుండా దాచి మళ్లీ కొలిచాను. 0.044 వచ్చింది.

ఇంకో పరీక్ష కూడా చేశాను. నాలుగో వరుసలో వచ్చిన ప్రతి ముఖానికీ, వాడి ట్రెయినింగ్ ఫ్రేముల్లో అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాన్ని పిక్సెల్ తేడాతో వెతికాను. నా ఇరవై రకాల హావభావాలకు వాడి ఫ్రేములు ఐదారు మాత్రమే పదేపదే వచ్చాయి. డీకోడర్ బట్టీ పట్టిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

సరిచేసినవి మూడు. ఒకటి, ప్రతి పదో ఫ్రేమే ఉంచాను. 3600 కాస్తా 360 అయ్యాయి, కానీ పోయింది ఏమీ లేదు. రెండు, తమ్ముడితో కొత్తగా తీయించాను: గట్టిగా నవ్వడం, "ఆ, ఈ, ఊ, ఏ, ఓ" అని సాగదీసి పలకడం, కళ్లు మూసి తెరవడం, కిందికీ పైకీ చూడటం. మూడోది నా తప్పు. వేగంగా ట్రెయిన్ అవుతుందని వార్ప్ ఆపేశాను. ఇన్‌పుట్ ముఖాన్ని కాస్త వంకర చేసి ఇచ్చి, సరైన ముఖాన్ని రాబట్టమని అడగడమే వార్ప్. అది లేకపోతే ఎన్‌కోడర్ నా ముఖానికి ఒక మూలన, వాడి ముఖానికి ఇంకో మూలన విడివిడిగా కోడ్‌లు కేటాయించుకుంటుంది. అప్పుడు నా ముఖం కోడ్ వాడి డీకోడర్‌కు పరాయి భాషే. వార్ప్ పెట్టాక ట్రెయినింగ్ లాస్ 0.027కి పెరిగింది, దాచిన క్లిప్ మీద 0.033కి తగ్గింది. నోరు తెరుచుకుంది.

మూడు, నాలుగో వారాలు: మసక

ఇప్పుడు హావభావాలు బాగున్నాయి కానీ ముఖం పలుచటి తెర వెనక ఉన్నట్టుంది. ఈసారి మూడో వరుస కూడా మసకే, అంటే వాడి ముఖం వాడి డీకోడర్ నుంచి కూడా స్పష్టంగా రావడం లేదు. రెండో వరుసలో నా ముఖం మాత్రం బాగానే ఉంది. కాబట్టి మార్పిడి తప్పు కాదు, వాడి వైపే ఏదో ఉంది.

ముందు మోడల్‌కు శక్తి ఉందా లేదా చూశాను. వాడి ఫొటోలు ఎనిమిదే తీసుకుని, వార్ప్ ఆపి, కావాలనే బట్టీ పట్టించాను. 5 వేల ఇటరేషన్లలో కనుబొమల వెంట్రుకలతో సహా వచ్చేశాయి. ఇవి వాడు విడిగా పంపిన ఫొటోలు, వీడియో ఫ్రేములు కావు. అంటే మోడల్ గీయగలదు. మరి వీడియో ఫ్రేముల్లో ఏముంది? లాప్లాసియన్ వేరియన్స్‌తో ఒక్కో క్లిప్ స్పష్టత కొలిచాను.

```python
g = cv2.cvtColor(img, cv2.COLOR_BGR2GRAY)
score = cv2.Laplacian(g, cv2.CV_64F).var()
```

నా ముఖాల మధ్యస్థ విలువ 210. వాడివి 48. ఈ అంకెలకు సొంతంగా అర్థం లేదు, ఒకే సైజు ముఖాల మధ్య పోల్చుకోవడానికే పనికొస్తాయి. చీకట్లో తీసిన వీడియోలోని చుక్కల నాయిస్ కూడా ఈ విలువను పెంచుతుంది, కాబట్టి పైన ఉన్నవీ కింద ఉన్నవీ ఒక ఇరవై బొమ్మలు కంటితో చూడాల్సిందే. నేను చూశాను. వాడు వీడియోలు మెసేజింగ్ యాప్‌లో వీడియోగానే పంపాడు. అది కుదించేసింది. పైగా ఫోన్ దూరంగా పెట్టడం వల్ల ముఖం 90 పిక్సెళ్ల వెడల్పే ఉంది. దాన్ని 128కి సాగదీసి, "ఇదే నీ గురి" అని మోడల్‌కు చూపిస్తున్నాను. లేని గీత అది ఎక్కడి నుంచి తెస్తుంది? అసలు ఫైళ్లను డాక్యుమెంట్‌గా పంపించమన్నాను. కెమెరా దగ్గర పెట్టి మళ్లీ తీయించాను. ముఖం 300 పిక్సెళ్ల దాకా వచ్చింది, కుదించేటప్పుడు `INTER_AREA` వాడాను.

దీంతో మసక చాలావరకు పోయింది. మిగిలింది లాస్ వల్ల. నేను వాడింది స్క్వేర్డ్ ఎర్రర్. కనురెప్ప అంచు ఇక్కడో, ఒక పిక్సెల్ పక్కనో తేలనప్పుడు, రెండింటి సగటు వేస్తేనే ఆ లాస్ తక్కువవుతుంది. సగటు అంచు అంటే మసకే. ఎల్1 లాస్‌కు ఎస్ఎస్ఐఎమ్ జోడించాక రెప్పలు తేరుకున్నాయి. ఒక చిక్కు వచ్చింది: మెమరీ ఆదా కోసం హాఫ్ ప్రెసిషన్‌లో నడుపుతుంటే మధ్యలో లాస్ `nan` అయింది. ఎస్ఎస్ఐఎమ్‌లో వేరియన్స్‌ని రెండు దగ్గరి సంఖ్యల తేడాగా లెక్కిస్తారు, 16 బిట్లలో అక్కడ ఖచ్చితత్వం పోతుంది. ఆ ఒక్క లెక్కను 32 బిట్లలో చేయిస్తే `nan` రావడం ఆగిపోయింది.

ఐదో వారం: రంగు

నాలుగో వరుసలో ముఖం పసుపు పూసినట్టుంది. వాడికి చూపించాక అమ్మకు చూపిస్తే, పెళ్లికొడుకుని చేసినట్టుందని నవ్వింది. ముందుగా అనుమానించాల్సింది రంగుల వరుసే, ఎందుకంటే ఓపెన్‌సీవీ నీలం, ఆకుపచ్చ, ఎరుపు క్రమంలో చదువుతుంది. కానీ ఆ తప్పైతే చర్మం నీలంగా మారేది. పైగా రెండు, మూడు వరుసలు మూల చిత్రాల రంగుతో సరిపోతున్నాయి. కాబట్టి అది కాదు.

తమ్ముడి అపార్ట్‌మెంట్లో అన్నీ పసుపు దీపాలు. మా హాల్లో తెల్లటి ట్యూబ్‌లైట్లు. వాడి డీకోడర్ పుట్టినప్పటి నుంచి పసుపు వెలుగు తప్ప ఇంకోటి చూడలేదు. తెల్ల వెలుగులోని నా ముఖం ఇచ్చినా దానికి తెలిసిన చర్మం అదే.

మొదట ఇన్‌పుట్ రంగును మాత్రం అటూ ఇటూ మార్చి చూశాను. ముఖాలు వెలిసిపోయాయి, ఎందుకంటే ఇన్‌పుట్ రంగును నమ్మలేని మోడల్ సగటు రంగు వేస్తుంది. ఇన్‌పుట్‌కూ టార్గెట్‌కూ ఒకే మార్పు చేయాలి. ట్రెయినింగ్‌లో సగం సార్లు వాడి ముఖానికి నా ముఖాల్లో ఏదో ఒకదాని రంగు అద్ది, ఆ అద్దిన బొమ్మనే రెండు వైపులా ఇచ్చాను. పద్ధతి 2001లో రైన్‌హార్డ్ బృందం ప్రచురించిన దాని లాంటిదే: సగటు, విచలనం సరిపోల్చడం. నేను ల్యాబ్ రంగుల్లో చేశాను.

```python
a = cv2.cvtColor(src.astype(np.float32) / 255, cv2.COLOR_BGR2LAB)
b = cv2.cvtColor(ref.astype(np.float32) / 255, cv2.COLOR_BGR2LAB)
ma, sa = a[mask].mean(0), a[mask].std(0)
mb, sb = b[mask].mean(0), b[mask].std(0)
out = (a - ma) / (sa + 1e-6) * sb + mb
out = cv2.cvtColor(out, cv2.COLOR_LAB2BGR)
```

ఆ 255తో భాగించడం మరిచిపోయి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. దశాంశ సంఖ్యలు ఇస్తే ఓపెన్‌సీవీ 0 నుంచి 1 మధ్యే ఆశిస్తుంది. `mask` కూడా ముఖ్యం. మాస్కు లేకుండా చేస్తే నా ఎర్ర చొక్కా కాలర్ సగటులో కలిసి బుగ్గలు ఎర్రబడ్డాయి. చివరి వీడియోలో ఒక్కో ఫ్రేముకు విడిగా సగటు తీస్తే రంగు మినుకుమినుకుమంది. వరుసగా 15 ఫ్రేముల సగటు వాడాక నిలబడింది.

ఆరో వారం

1 లక్షా 80 వేల ఇటరేషన్లు అయ్యాయి. ఎదురుగా చూసే షాట్లు పూర్తయ్యాయి. తల ఎడమకు బాగా తిప్పినప్పుడు మాత్రం ముక్కు అంచు కరిగిపోతోంది. వాడి ఫ్రేములు లెక్కపెట్టాను: కుడికి తిరిగినవి 140, ఎడమకు 9. అద్దంలోలా తిప్పి వాడొచ్చు కానీ వాడికి పాపిడి ఒక పక్కకు, పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీద ఉంది. తిప్పితే రెండు బుగ్గల మీదా మచ్చ వస్తుంది, అమ్మ మొదట చూసేది అదే. ఆదివారం పొద్దున కిటికీ దగ్గర కూర్చుని ఎడమవైపు రెండు నిమిషాలు తీసి పంపుతానన్నాడు.