నాలుగు గంటల నుంచి అంటే ఎప్పట్నుంచి?

నేను ఇంగ్లండ్‌లో నర్సుగా చేరి ఏడేళ్ళు దాటింది. మొదట్లో మా వార్డులో తెలుగు వాళ్ళెవరూ లేరు, పోయినేడాది ఖమ్మం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, పని బాగా చేస్తుంది, పేషెంట్లకి కూడా తనంటే ఇష్టం, కానీ రాయాల్సొచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆగిపోతుంది. నర్సులూ డాక్టర్లూ రాసే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ పాసయ్యే వచ్చింది, రైటింగ్‌లో సీ ప్లస్ కూడా తెచ్చుకుంది. అయితే ఆ పరీక్షలో కేస్ నోట్స్ వాళ్ళే ఇస్తారు, వాటిని చూసి ఉత్తరం రాస్తే సరిపోతుంది. ఇక్కడ రాత్రి మూడు గంటలకి జరిగిందాన్ని మన బుర్రలోంచి తీసి రాయాలి, అదీ తెల్లారేసరికి.

ఒకరోజు నేను మార్నింగ్ షిఫ్ట్‌కి వెళ్ళేసరికి ఏడుంపావు, నైట్ వాళ్ళు మాకు పేషెంట్లని అప్పజెప్పే హ్యాండోవర్ ఇంకా మొదలవలేదు, తను ఒక కాగితం పట్టుకుని నా కోసమే చూస్తా నిలబడింది. రాత్రి ఒక పెద్దాయన మంచం దగ్గర కింద పడి ఉన్నాడంట, ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలి, సిస్టమ్‌లో ఎక్కించే ముందు కాగితం మీద రాసుకుంది. తను మొదట రాసింది ఇది: "పేషెంట్ హాజ్ ఫాలెన్ ఫ్రమ్ ద బెడ్ ఎట్ త్రీ ఫిఫ్టీ. ఐ హావ్ ఇన్‌ఫార్మ్‌డ్ టు డాక్టర్. హీ ఈజ్ అండర్ అబ్జర్వేషన్ సిన్స్ ఫోర్ అవర్స్." తనతో పాటు నైట్ చేసిన ఫిలిప్పీన్స్ సిస్టర్ దాన్ని దిద్ది ఇచ్చింది: "ద పేషెంట్ ఫెల్ ఫ్రమ్ ద బెడ్ ఎట్ త్రీ ఫిఫ్టీ. ఐ ఇన్‌ఫార్మ్‌డ్ ద డాక్టర్. హీ హాజ్ బీన్ అండర్ అబ్జర్వేషన్ ఫర్ ఫోర్ అవర్స్."

"అక్కా, ఇప్పుడు కరెక్టేనా?" అంది.

గ్రామర్ పుస్తకం ముందు పెట్టుకుని చూస్తే అంతా కరెక్టే. పరీక్ష పేపరయితే ఫుల్ మార్కులు పడతాయి. కానీ నేను చార్ట్ చూశాక ఆ మూడో వాక్యం దగ్గర ఆగాను, ఎందుకంటే టైమ్ ఏడుంపావు, నాలుగు గంటలు వెనక్కి లెక్కేస్తే మూడుంపావు, ఆయన కింద కనపడిందేమో మూడూ యాభైకి. అంటే ఆయన పడకముందే మనం అబ్జర్వేషన్ మొదలుపెట్టేశామని రాసినట్టు!

"నువ్వు అబ్జర్వేషన్స్ ఎప్పుడు మొదలుపెట్టావు?" అంటే "నాలుగు గంటలకే అక్కా, చార్ట్‌లో కూడా రాశాను" అంది. తన మనసులో ఉన్నది నాలుగు గంటల నుంచి, అంటే గడియారంలో నాలుగు కొట్టినప్పట్నుంచి. మనం నాలుగింటి నుంచి అంటే ఏ డౌటూ రాదు, కానీ నాలుగు గంటల నుంచి అంటే మన తెలుగులో రెండూ అవుతుంది, నాలుగు గంటల టైమ్ నుంచి అనీ అవుతుంది, గత నాలుగు గంటలుగా అనీ అవుతుంది. వినేవాడికి సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది కాబట్టి మనకి ఎప్పుడూ ఇబ్బంది అనిపించదు. ఇంగ్లీషులో ఆ రెండిటికీ దారులు వేరు, మొదలైన క్షణం చెప్తే సిన్స్, ఎంతసేపు అనేది చెప్తే ఫర్. తను సిన్స్ పెట్టింది కరెక్టే, దాని వెనక ఓక్లాక్ రావాల్సిన చోట అవర్స్ వచ్చింది. ఫిలిప్పీన్స్ సిస్టర్‌కి తెలుగు రాదు కదా, ఆమెకి కాగితం మీద కనపడింది సిన్స్, దాని వెనక అవర్స్. అవర్స్ అంటే ఎంతసేపు అన్నట్టు, కాబట్టి సిన్స్ తీసి ఫర్ పెట్టింది. ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. తప్పు ప్రిపోజిషన్‌లో లేదు, పక్క మాటలో ఉంది. దిద్దినవాళ్ళు తప్పు మాటని అలాగే ఉంచి సరైన మాటని మార్చారు, వాక్యం మాత్రం నున్నగా అయిపోయింది.

ముప్పావుగంట తేడాకి ఇంత చర్చ ఎందుకు అని మీకు అనిపించొచ్చు. తలకి దెబ్బ తగిలిందేమో అనే అనుమానం ఉన్నప్పుడు ఇక్కడ న్యూరో అబ్జర్వేషన్స్ చేస్తాం. ఇక్కడ వైద్యానికి గైడ్‌లైన్స్ ఇచ్చే సంస్థ నైస్, దాని ప్రకారం స్పృహ స్కోరు 15కి 15 ఉంటే మొదటి 2 గంటలు అరగంటకోసారి, తర్వాత 4 గంటలు గంటకోసారి, ఆ తర్వాత 2 గంటలకోసారి, కనీసం అన్నిసార్లు చూడాలి. నాలుగింటికి మొదలైతే ఆరింటి దాకా అరగంటకోసారి, అక్కణ్ణుంచి పదింటి దాకా గంటకోసారి. మూడుంపావుకి మొదలైందని ఎవరైనా అనుకుంటే తొమ్మిదింపావుకే రెండు గంటలకోసారికి మార్చేస్తారు. పైగా ఫర్ ఫోర్ అవర్స్ అన్నదానికి ఇంకో చిక్కుంది, అది రాసిన నిమిషంలోనే నిజం, పగలు పదకొండింటికి డాక్టర్ వచ్చి చదివితే ఏ నాలుగు గంటలు అనుకుంటాడు? అందుకే రికార్డుల్లో నేను వీలైనంతవరకు ఫర్ వాడను, సిన్స్ పెట్టి గడియారం టైమ్ రాసేస్తాను.

అదే వాక్యంలో టెన్స్ మాత్రం ఫిలిప్పీన్స్ సిస్టర్ సరిగ్గా దిద్దింది. ఈజ్ అండర్ అబ్జర్వేషన్ సిన్స్ అనేది మన తెలుగు లోంచి వచ్చింది, నాలుగింటి నుంచి అబ్జర్వేషన్‌లో ఉన్నాడు, మనకి ఉన్నాడు ఒక్కటే చాలు. ఇంగ్లీషులో అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తోందంటే హాజ్ బీన్ కావాలి. అది చదవగానే పొద్దున షిఫ్ట్ వాళ్ళకి తెలుస్తుంది, పని ఇంకా అవలేదు, మనం కొనసాగించాలి అని. వాజ్ అండర్ అబ్జర్వేషన్ అని పెడితే అయిపోయిందని అర్థం. ఆ ఒక్క మాటని బట్టి తర్వాతి నర్సు మంచం దగ్గరికి వెళ్తుందా లేదా అనేది ఉంటుంది, నేను దాన్ని చిన్న విషయం అనుకోలేను.

మొదటి వాక్యానికి వస్తే హాజ్ ఫాలెన్ తీసి ఫెల్ పెట్టడం కూడా కరెక్టే, ఎందుకంటే వాక్యంలో ఎట్ త్రీ ఫిఫ్టీ ఉంది, ముగిసిపోయిన టైమ్ ఒకటి పక్కనే కూర్చున్నాక హాజ్ ఉండకూడదు. మనకి ఈ గొడవ ఎందుకొస్తుందంటే తెలుగులో పడ్డాడు అంటే రెండూ అదే. టైమ్ తీసేసి చూడమని తనకి చెప్పాను, ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేసి "సర్, ద పేషెంట్ హాజ్ ఫాలెన్" అంటే అది సరైన వాక్యమే, ఎప్పుడనేది లేదు, ఇప్పుడు ఏం చేయాలన్నదే ముఖ్యం. టైమ్ చేర్చావా, ఫెల్.

అయితే ఇక్కడ ఇంకో ప్రశ్న అడగాల్సొచ్చింది. "ఆయన పడటం నువ్వు చూశావా?"

"లేదక్కా, నేను పక్క బేలో వేరే మంచాల దగ్గర ఉన్నాను, చప్పుడొచ్చి వెళ్ళేసరికి కింద ఉన్నారు."

మరి ఫెల్ అని ఎలా రాస్తాం? ఆయన పడి ఉండొచ్చు, బాత్రూమ్‌కని లేచి తూలి మెల్లగా కూర్చుండిపోయి ఉండొచ్చు. చూడనిది చూసినట్టు రాస్తే రేపు ఆయన ఇంట్లోవాళ్ళు అడిగినప్పుడు మన దగ్గర జవాబుండదు. ఎవరూ చూడని ఫాల్ అయితే "వాజ్ ఫౌండ్ ఆన్ ద ఫ్లోర్" అనే రాస్తాం, చప్పుడు వినపడితే వినపడిందనీ రాస్తాం. హాజ్ ఫాలెన్‌ని ఫెల్ చేసి టెన్స్ దిద్దారు, కానీ అసలు ఆ క్రియే ఉండకూడదు.

ఫ్రమ్ ద బెడ్ కూడా అప్పుడే మాట్లాడుకున్నాం. అది తప్పేం కాదు, కానీ ఇక్కడివాళ్ళు మామూలుగా అనేది ఫెల్ ఔట్ ఆఫ్ బెడ్, అందులో ద ఉండదు. బెడ్ అంటే నిద్ర, పడక అనే అర్థంలో ఉన్నప్పుడు ద పోతుంది, గో టు బెడ్, ఇన్ బెడ్ అన్నట్టు. మంచం అనే వస్తువు గురించి అయితే ద వస్తుంది, బిసైడ్ ద బెడ్. హాస్పిటల్ కూడా ఇలాంటిదే, ఇక్కడ పేషెంట్‌గా ఉంటే ఇన్ హాస్పిటల్, మనలా పనికో చూడ్డానికో వెళ్తే ఇన్ ద హాస్పిటల్. మా అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు, నేను రాసిన ఇన్ హాస్పిటల్ చూసి ద మర్చిపోయావే అంటాడు. వాళ్ళ దగ్గర పేషెంట్ అయినా ఇన్ ద హాస్పిటలే. ఇద్దరం కరెక్టే. ఎట్ ద వీకెండ్, ఆన్ ద వీకెండ్ కూడా అంతే, మొదటిది ఇక్కడి మాట, రెండోది అక్కడిది. ఇలాంటి చోట దిద్దినవాళ్ళు ఏ దేశం ఇంగ్లీషు నేర్చుకున్నారో కూడా చూసుకోవాలి, లేకపోతే సరైనదాన్ని తీసేసి ఇంకో సరైనదాన్ని పెట్టి, మనం తప్పు చేశామని బాధపడతాం.

ఇన్‌ఫార్మ్‌డ్ టు డాక్టర్‌లో టు తీసేయడం మాత్రం ఏ దేశంలోనైనా కరెక్టే. డాక్టర్‌కి చెప్పాను అనేదాంట్లో మన కి ఉంది చూశారా, అదే ఇక్కడ టు అయి కూర్చుంటుంది. ఇన్‌ఫార్మ్‌కి టు వద్దు, రిపోర్టెడ్‌కి కావాలి, దీనికి లాజిక్ ఏమీ లేదు, క్రియ వెనక ఏం వస్తుందో క్రియతో పాటే గుర్తుపెట్టుకోవాలి. డౌటొస్తే నేను ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీలో ఆ క్రియ తెరిచి ఉదాహరణలు చూస్తాను, ఎవరిని అడిగినా దొరకనంత స్పష్టంగా అక్కడ ఉంటుంది. ఇక ద డాక్టర్ అన్న దగ్గర ద పెట్టడం సరే, కానీ ఏ డాక్టర్? రాత్రి ఆన్ కాల్‌లో మా వార్డుకి ఒక్కరే ఉంటారు, కాబట్టి ద ఆన్ కాల్ డాక్టర్ అంటే చదివేవాళ్ళకి ఎవరో తెలిసిపోతుంది. ఎ డాక్టర్ అని ఉంటే ఎవరో ఒక డాక్టర్ అన్నట్టు, మళ్ళీ ఎవరని వెతుక్కోవాలి. ఇంకోటి, డాక్టర్ వెనకాలే హీ వచ్చేసరికి అబ్జర్వేషన్‌లో ఉన్నది డాక్టరా పేషెంటా అన్నట్టుంది, అక్కడ ద పేషెంట్ అని మళ్ళీ రాయమన్నాను.

హ్యాండోవర్‌కి పిలిచే లోపల తను మళ్ళీ రాసుకుంది: "ఎట్ 03:50 ఐ హర్డ్ ఎ నాయిజ్. ద పేషెంట్ వాజ్ ఫౌండ్ ఆన్ ద ఫ్లోర్ బిసైడ్ ద బెడ్. ద ఫాల్ వాజ్ నాట్ సీన్. ఐ ఇన్‌ఫార్మ్‌డ్ ద ఆన్ కాల్ డాక్టర్. ద పేషెంట్ హాజ్ బీన్ అండర్ అబ్జర్వేషన్ సిన్స్ 04:00." డాక్టర్‌కి ఫోన్ చేసిన టైమ్ కూడా పక్కన వేయమన్నాను, వేసింది.

కంప్యూటర్ దగ్గరికి వెళ్తూ వెళ్తూ మళ్ళీ వెనక్కి తిరిగింది. "అక్కా, చప్పుడుకి ఎ పెట్టాం కదా, మరి ఫ్లోర్‌కి ద ఎందుకు? రెండూ మొదటిసారే చెప్తున్నాం."

"చప్పుడు ఏదైనా అవ్వొచ్చు, చదివేవాళ్ళకి ఏ చప్పుడో తెలీదు. ఆ బేకి నేల ఒకటే కదమ్మా."