బైట్ ద బుల్లెట్: తూటా కొరకడం వెనుక కథ

ఆదివారం రాత్రి

ఈ ఉదయం మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశం జరిగింది. పాత లిఫ్టుకు మళ్ళీ మరమ్మతు చేయించాలా, లేక దాన్ని తీసేసి కొత్తది పెట్టించాలా అన్న చర్చ చాలాకాలంగా వాయిదా పడుతూ వస్తోంది. ప్రతిసారీ మోటారుకో తలుపుకో ఏదో ఒక మరమ్మతు చేయించి, పెద్ద ఖర్చును తరువాతి సమావేశానికి నెడుతూ వచ్చాము. చివరికి కోశాధికారిగారు లెక్కల పుస్తకం మూసి, "ఇక బైట్ ద బుల్లెట్ అనుకోవాల్సిందేనండీ, వచ్చే నెల నుంచి అందరం వాటా వేసుకుందాం" అన్నారు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ మాట అక్కడ ఎంత సరిగ్గా అమరిందో ఇంటికి వచ్చాక కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. మనం "పంటి బిగువున భరించాడు" అంటే, బాధ వచ్చి పడ్డాక దాన్ని ఓర్చుకోవడం. వేసవిలో నీళ్ళు రాకపోయినా సర్దుకుపోవడం అలాంటి ఓర్పు. ఇంగ్లీషువాళ్ళు నేడు బైట్ ద బుల్లెట్ అనే సందర్భంలో ఓర్పుతోపాటు ఒక నిర్ణయం కూడా ఉంటుంది. ఆ పని కష్టమైనదై ఉండాలి, తప్పించుకోవడానికి వీల్లేనిదై ఉండాలి, సాధారణంగా అప్పటికే కొంతకాలం వాయిదా పడి ఉండాలి. మా లిఫ్టు విషయంలో ఈ మూడూ ఉన్నాయి. గుండె రాయి చేసుకుని ఒక పనికి పూనుకోవడం దానికి దగ్గరగా వస్తుందని నాకు అనిపిస్తుంది.

సమావేశం ముగిశాక పక్కింటి మాస్టారుగారు, మత్తుమందు లేని రోజుల్లో యుద్ధంలో గాయపడ్డ సిపాయికి కాలు తీసేటప్పుడు నోట్లో తూటా పెట్టేవారని, మాట అందులోంచే పుట్టిందని చెప్పారు. అందరూ చెప్పేది ఇదే. నాకు మాత్రం ఇది అంత నమ్మదగినదిగా తోచదు. ఆనాటి తూటా గుండ్రటి సీసపు గుండు. సీసం మెత్తనిది కాబట్టి పళ్ళు విరగవన్నది నిజమే కానీ, వెల్లకిలా పడుకోబెట్టిన మనిషి నోట్లో అలాంటి గుండు పెడితే, నొప్పికి ఎగపోసినప్పుడు అది గొంతులోకి జారిపోయే ప్రమాదం ఉంది. తోలు పట్టీయో కర్రముక్కో ఉండగా వైద్యుడు గుండునే ఎందుకు ఎంచుకుంటాడు? పైగా 1846లో బోస్టన్‌లో ఈథర్‌తో, మరుసటి ఏడు ఎడిన్‌బరోలో క్లోరోఫాంతో శస్త్రచికిత్సలో మత్తు ఇవ్వడం మొదలైంది. అందరూ ఉదాహరణగా చెప్పే 1860ల నాటి అమెరికా అంతర్యుద్ధంలో సైనిక వైద్యులు ఈ రెండింటినీ విస్తృతంగా వాడారు. ఆ యుద్ధభూముల్లో పళ్ళ గాట్లతో దొరికిన గుండ్లలో చాలావాటిని కొరికినవి నేలను తవ్వుకు తినే పందులు.

దీనికన్నా గట్టి ఆధారం కొరడా దెబ్బల దగ్గర దొరుకుతుంది. 18వ శతాబ్ది చివర ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గ్రోస్ సైనికుల, దొంగల, వీధి మనుషుల మాటలను ఒక నిఘంటువుగా కూర్చాడు. అందులో "నైటింగేల్" అన్న పాటపిట్ట పేరుకు వేరే అర్థం ఉంది. సార్జెంట్ల పొడవాటి ఈటెలను ముక్కాలిలా కట్టి, శిక్ష పడిన సిపాయిని వాటికి బిగించి తొమ్మిది తోకల కొరడాతో కొట్టేవారు. అప్పుడు కేక పెట్టినవాడే నైటింగేల్. కొన్ని పటాలాల్లో గ్రెనేడియర్లు అనే మేటి సిపాయిలు ఆ పేరు రాకుండా ఉండటాన్ని పరువుగా భావించి, నోట్లో తూటా నమిలేవారని గ్రోస్ రాశాడు. నిలబడి ఉన్నవాడి నోట్లో, వాడే ఎంచుకుని పెట్టుకున్న గుండు కాబట్టి ఇది నాకు సహజంగా తోస్తుంది. మాట పుట్టుక ఇదేనని తేల్చే పత్రం కాకపోయినా, ఆచారం అక్కడ అచ్చులో ఉంది.

1857 నాటి ఎన్‌ఫీల్డ్ తూటాల గొడవతో దీన్ని ముడిపెట్టేవారూ ఉన్నారు. మన సిపాయిలు పంటితో చింపాల్సి వచ్చింది కొవ్వు పూసిన కాగితపు పొట్లాన్ని, లోపలి సీసపు గుండును కాదు. గ్రోస్ రాసిన మాట అంతకు ఎన్నో దశాబ్దాల ముందుది కూడా.

బొంబాయిలో పుట్టిన రడ్యార్డ్ కిప్లింగ్ రాసిన, 1891లో అచ్చయిన "ద లైట్ దట్ ఫెయిల్డ్" నవలలో, తూటాను కొరికి పట్టుకో, నీకు భయమని వాళ్ళను అనుకోనివ్వకు అని మిత్రుడు మిత్రుడికి చెబుతాడు. ఈ పలుకుబడికి తరచుగా చూపే తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి. అందులో కొరడా స్తంభం ఛాయ ఇంకా మిగిలి ఉందని నేను అనుకుంటాను, ఎందుకంటే అక్కడ ముఖ్యమైనది నొప్పి కాదు, చూసేవారి ముందు బయటపడకపోవడం. నేటి వాడుకలో ఆ చూసేవారు లేరు. కోశాధికారిగారి మాటలో పరువు ప్రసక్తి లేదు, ఇక వాయిదా వేయలేని ఒక ఖర్చు మాత్రమే ఉంది.