మూడ్ దగ్గర ఎర్ర గీత

సైకియాట్రీ పోస్టింగ్‌ని మా బ్యాచ్‌లో చాలామంది సెలవుల కింద లెక్కేశారు, నేనూ అంతే. స్టెతస్కోప్‌తో పని లేదు, వేళ్లతో తట్టి చూసే పెర్కషన్ లేదు, కూర్చుని మాట్లాడటమే కదా అనుకున్నా. నాలుగో రోజుకి నా కేస్ షీట్ మీద మేడమ్ గీసిన ఎర్ర గీతలు చూశాక ఆ ధీమా పోయింది.

నాకు వచ్చిన పేషెంట్ యాభై దాటిన మనిషి, లెక్కలు రాసే ఉద్యోగం. ఎప్పుడో ఏళ్ల కిందట తను చేసిన చిన్న పొరపాటు వల్ల ఇంటి మీదకి పోలీసులు వస్తారని, పిల్లల్ని కూడా పట్టుకెళ్తారని ఆయన భయం. రెండు నెలల నుంచి సరిగ్గా నిద్ర లేదు, తిండి లేదు. మానసిక స్థితి పరీక్ష వరస నాకు కంఠతా వచ్చు: రూపం, ప్రవర్తన, మాట, మూడ్, అఫెక్ట్, ఆలోచన, ఇంద్రియానుభవాలు, జ్ఞాపకం వగైరా, జడ్జిమెంట్, చివర ఇన్‌సైట్, అంటే తనకి జబ్బుందని పేషెంట్‌కి ఎంతవరకు తెలుసన్నది. ఆ వరసలోనే టకటకా రాసేశా. మూడ్: డిప్రెస్డ్. ఆలోచన: పర్సిక్యూటరీ డెల్యూజన్, అంటే ఎవరో తనకి అన్యాయంగా హాని చేస్తారన్న కదలని తప్పుడు నమ్మకం. ఇన్‌సైట్: లేదు. పది నిమిషాల్లో అయిపోయింది, పక్కవాడి కంటే ముందే.

మేడమ్ మొదట మూడ్ దగ్గరే ఆగారు. "ఇది ఆయన చెప్పాడా, నువ్వు పెట్టావా?" అని అడిగారు. ఆయన ఆ మాట అనలేదు మరి. మళ్లీ వెళ్లి "ఈ మధ్య మీ మనసు ఎలా ఉంటోంది?" అని అడిగితే, చాలాసేపు చేతులు చూసుకుని "లోపల అంతా ఎండిపోయినట్టుంది సార్" అన్నాడు. మూడ్ దగ్గర ఆ వాక్యం కొటేషన్లలో ఉన్నదున్నట్టు రాయాలట. దాని కింద అఫెక్ట్, అంటే మాట్లాడుతున్నంతసేపు మనకి బయటికి కనిపించింది: మొహంలో కదలిక తక్కువ, చిన్న కూతురి మాట వచ్చినప్పుడు మాత్రం కళ్లు చెమ్మగిల్లాయి, తేలిక మాటలు మాట్లాడినా మార్పు లేదు, చెబుతున్న విషయానికీ మొహానికీ పొంతన ఉంది. డిప్రెస్డ్ అన్న ఒక్క ముక్కలో ఇవేవీ లేవు, రేపు ఇంకొకరు ఆ షీట్ తీస్తే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎలా తెలుస్తుంది?

ఆలోచన దగ్గర నా తప్పు ఇంకా పెద్దది. పోలీసులు అనగానే పర్సిక్యూటరీ అని రాసేశా. "ఎందుకు వస్తారు అని అడిగావా?" అడగలేదు. అడిగితే "నేను చేసిన పాపానికి రావాల్సిందే కదా" అన్నాడు. తనకి అన్యాయం జరుగుతోందన్న బాధ కాదది, శిక్ష తనకి తగినదేనన్న నమ్మకం. అంటే గిల్ట్ డెల్యూజన్, కుంగిన మూడ్‌తో అతికినట్టు సరిపోతుంది, డయాగ్నోసిస్ ఆలోచించే దారే మారిపోయింది. అయినా అబద్ధంలా వినిపించిందని డెల్యూజన్ అనేయకూడదు. నిజంగానే ఏదో కేసు ఉండొచ్చు కదా, అందుకని భార్యని అడిగాం. ఆ లెక్క ఎప్పుడో సరిదిద్దేశారని, ఎవరూ ఏమీ అనలేదని చెప్పింది. తర్వాత ఆయన్ని "ఇదంతా మీ ఊహ అయ్యే అవకాశం కొంచెమైనా ఉందా?" అని అడిగితే, లేదు అన్నాడు, గొంతు పెంచకుండా. ఆ జవాబు కూడా రాశా.

ఒక ప్రశ్న మాత్రం నేను కావాలనే ఎగ్గొట్టా. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమోనని భయం. అడగడం వల్ల అలా జరగదని మేడమ్ చెప్పి, తనే పక్కన కూర్చుని నాతో మెల్లగా అడిగించారు: బతికి ఏం లాభం అనిపిస్తోందా, నిద్రలోనే పోతే బాగుండు అనిపించిందా, ప్రాణం తీసుకోవాలనిపించిందా, ఎలా అని ఆలోచించారా. మూడో ప్రశ్నకి అవునన్నట్టు తల ఊపాడు. నాలుగోదానికి లేదన్నాడు. నేను ఖాళీగా వదిలేసిన చోటు అది! ఆ రోజే ఆయన్ని వార్డులో చేర్చుకుని, ఒంటరిగా వదలొద్దని రాశారు. లేదని చెప్పినా "అడిగితే లేదన్నారు" అని రాయాల్సిందే, ఖాళీ వదిలితే అడగలేదనే అర్థం.

ఇక ఇన్‌సైట్. ఉంది, లేదు అని రాసే అలవాటు మా అందరిదీ. దానికి 1 నుంచి 6 దాకా మెట్లున్నాయి, పూర్తిగా కాదనడం మొదటిది, నిజంగా మనసుకెక్కి నడవడిక మారడం ఆరోది. మేడమ్ అంకె తర్వాత వేద్దువుగానీ ముందు మూడు ప్రశ్నలు అడగమన్నారు. ఏదైనా తేడా వచ్చిందా? దేనివల్ల? మందు అవసరమా? ఆయన జవాబులు: "నిద్ర పట్టట్లేదు, నీరసంగా ఉంది. పోలీసుల టెన్షన్ వల్ల. నిద్రకి మాత్రం మందివ్వండి." తేడా ఉందని ఒప్పుకుంటున్నాడు, కారణం బయట ఉందంటున్నాడు, అది మూడో మెట్టు. మందు వేసుకుంటాడా అంటే, నిద్రకైతే వేసుకుంటాడు. లేదు అని రాసి ఉంటే ఈ చిన్న సందు ఎవరికీ కనబడేది కాదు.

ఆ షీట్ మూడుసార్లు తిరగరాశా, మొత్తం గంటన్నర పట్టింది. పోస్టింగ్ చివరి రోజున, తేదీ వేసి, అదే ప్రశ్నలు మళ్లీ అడిగా. "పోలీసులు రారేమోలెండి, కానీ రాత్రి తలుపు చప్పుడైతే గుండె ఝల్లుమంటుంది" అన్నాడు. నమ్మకం పట్టు సడలింది, భయం ఇంకా ఉంది. ఆ వాక్యం అలాగే రాసి సంతకానికి ఇస్తే మేడమ్ ఏమీ అనకుండా సంతకం పెట్టారు, ఆ పేజీలో ఎర్ర గీత లేదు.