ఎర్ర అంకెలో ఎవరి వాటా ఎంత

నెలవారీ బడ్జెట్ సమీక్ష కోసం మా ఫైనాన్స్ బృందం తయారుచేసిన ప్రజెంటేషన్‌ను, ప్లాంటు మేనేజరు గారు తీరికగా చదువుకునేలా నోట్సుగా మార్చడంతోనే ఈ రోజంతా గడిచింది. ప్లాస్టిక్ కుర్చీల తయారీలో ఆయన తలపండిన మనిషే అయినా, ముడిసరుకు వరుసలో "బడ్జెట్ 24 లక్షలు, వాస్తవం 30.75 లక్షలు, వ్యత్యాసం 6.75 లక్షలు" అని ఎర్ర అక్షరాల్లో చూస్తే, అంత సొమ్మూ తన యంత్రాల దగ్గరే వృథా అయిందని అనుకోవడం సహజం. అది నిజం కాదని ఆ స్లైడు ఎక్కడా చెప్పదు.

బడ్జెట్ వేసింది 10,000 కుర్చీలకు. కుర్చీకి 2 కిలోల గ్రాన్యూల్స్, కిలో 120 రూపాయలు. తయారైనవి 12,000. అన్ని కుర్చీలకు అదే లెక్కన 28.80 లక్షలు ఎలాగూ కావాలి కాబట్టి, వ్యత్యాసంలో 4.80 లక్షలు ఉత్పత్తి పెరిగినందువల్ల అయిన ఖర్చే. ఇక 120కి కొనవలసిన సరుకును 125కి కొన్నారు. వాడిన 24,600 కిలోల మీద కిలోకు 5 రూపాయల చొప్పున అది 1.23 లక్షలు, దానికి జవాబు చెప్పవలసింది కొనుగోలు విభాగం. 24,000 కిలోలతో అయ్యే పనికి అదనంగా పట్టిన 600 కిలోలు, బడ్జెట్ ధరలో 72 వేలు, మాత్రమే మేనేజరు గారి చేతిలో ఉన్నవి. మొత్తంలో అతి చిన్న భాగమే అయినా నోట్సులో దానినే మొదట పెట్టాను, ఎందుకంటే ఆయన ఏదైనా చేయగలిగేది అక్కడే.

ఆ 600 కిలోలకు కారణం రాయకుండా అంకె ఒక్కటే ఇవ్వడం నాకు సబబనిపించలేదు. కుర్చీలే బరువెక్కాయేమోనని తూకం రిజిస్టరు చూస్తే బరువు సరిగానే ఉంది. షిఫ్టు రిజిస్టరులో మాత్రం ముదురు రంగు నుంచి లేత రంగుకు మారిన సందర్భాలు ఈ నెల బాగా ఎక్కువ. అలా మారిన ప్రతిసారీ పాత రంగు పూర్తిగా పోయేదాకా యంత్రం నుంచి సరుకును బయటకు తోసేయాలి. ఆ ముద్దలను మళ్లీ పొడిచేసినా ముదురు రంగు కుర్చీలకే పనికివస్తాయి. సూపర్‌వైజరు గారూ అదే కారణమని చెప్పిన తరువాతే రాశాను.

మరమ్మతుల వరుసలో ఆకుపచ్చగా కనిపించిన 3 లక్షల మిగులు గురించి కూడా ఒక వాక్యం చేర్చాను: అచ్చుల మరమ్మతు వచ్చే నెలకు వాయిదా పడింది కాబట్టి ఇది పొదుపు కాదు, ఈ మొత్తాన్ని వేరే పనికి వాడుకోవద్దు. చివరగా, వచ్చే నెల ఆర్డర్లను లేత రంగు నుంచి ముదురు రంగుకు వరుసగా నడపడం వీలవుతుందా అని అడిగి, సాయంత్రానికి నోట్సు పంపాను.