నల్లగొండలో అర్ధరాత్రి తాళం

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని ఎండ ముదరకముందే చూడాలని ముందురోజు రాత్రే హైదరాబాద్ నుంచి బయలుదేరాం. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రహదారి వదిలి నల్లగొండ చేరేసరికి పన్నెండు దాటింది. బసకు అద్దెకు తీసుకున్న ఇంట్లో మాకోసం మేలుకొని ఉండేవారెవరూ లేరు. తాళాలు మీరే తీసుకుని లోపలికి వెళ్లండని ఇంటివారు సాయంత్రమే సందేశం పంపారు. దారిలో సిగ్నల్ పోయినా ఇబ్బంది లేకుండా మా ఆవిడ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంది.

సందేశం బాగానే రాశారు. గేటు ఫొటో ఉంది. కుడిగోడ మీద కరెంటు మీటరు కింద తాళంచెవి పెట్టె ఉందనీ రాశారు. దానికి తిప్పే అంకెల చక్రాలు నాలుగు. పగలైతే పెద్ద పని కాదు. రాత్రిపూట ఫోను టార్చి దగ్గరగా పట్టి, ప్రతి అంకె పక్కనున్న గీతకు సరిగ్గా ఎదురుగా వచ్చిందో లేదో చూడాలి. ఒక్క అంకె సగం జరిగి ఆగినా మీట దిగదు. గేటు తాళంచెవి తీసుకున్నాక పెట్టె మూసి చక్రాలను చెదరగొట్టాలి, లేకపోతే కోడ్ అలాగే బయటికి కనబడుతూ ఉంటుంది.

చిక్కు మేడమీది తలుపుకున్న ఎలక్ట్రానిక్ తాళం దగ్గర వచ్చింది. అరచేతితో తాకితే అంకెలు వెలుగుతాయి, ఆరంకెల కోడ్ నొక్కి చివర # నొక్కాలని సందేశంలో ఉంది. ఎంత తాకినా ఏమీ వెలగలేదు. హెల్ప్‌లైన్ అంటూ రెండు నంబర్లు ఇచ్చారు. మొదటిదాంట్లో రికార్డు చేసిన గొంతు, ఆపైన పాట. అర్ధరాత్రి మెట్లమీద నిలబడి వినదగ్గ పాట కాదది. రెండో నంబరు ఇల్లు చూసుకునే అబ్బాయిది, వెంటనే ఎత్తాడు.

"సార్, అంకెలు వెలిగి ఎర్రలైటు వచ్చిందా, అసలే వెలగలేదా?"

"అసలే వెలగలేదు."

"అయితే కోడ్ తప్పు కాదు సార్, బ్యాటరీలు అయిపోయాయి. తాళం అడుగున ఫోను చార్జింగు వైరు పట్టే రంధ్రం ఉంది చూడండి. పవర్ బ్యాంకు ఉందా?"

ఉంది. వైరు పెట్టగానే అంకెలు వెలిగాయి, కోడ్ నొక్కితే తలుపు తెరుచుకుంది. ఇలా ఇచ్చిన కరెంటు ఆ కాసేపటికే పనికొస్తుంది, లోపలి బ్యాటరీలు దానితో నిండవు. మళ్లీ బయటికి వెళ్తే పవర్ బ్యాంకు వెంట ఉంచుకోమని అతనే చెప్పాడు. లోపలినుంచి మాత్రం పిడి తిప్పితే చాలు, కరెంటుతో పనిలేదు. అంకెలు వెలిగి ఎర్రలైటు వచ్చి ఉంటే కథ వేరు. తొందరపడి తప్పు కోడ్ పదేపదే నొక్కితే ఇలాంటి తాళాలు కొన్ని నిమిషాలపాటు మొరాయిస్తాయి.

అంత వివరంగా రాసిన సందేశంలో ఆ రంధ్రం సంగతి ఒక్క ముక్క లేదు. పొద్దున అబ్బాయి కొత్త బ్యాటరీలతో వచ్చాడు. అవి తగ్గుతున్నప్పుడు తాళం కూతపెడుతుందట, అంతకుముందు దిగినవాళ్లెవరూ చెప్పలేదట. అతను తాళం విప్పుతుండగానే ఆ రంధ్రాన్ని ఫొటో తీసి ఇంటివారికి పంపి, సందేశంలో చేర్చమన్నాం. తర్వాత పానగల్లు దారి పట్టాం.